ఇంట్లో పెళ్ళి, చేతిలో సేఫు తాళం: బదులు మనిషిని చూసుకోవాల్సింది ఎవరు?

గుణుపురం రోడ్డు

అందరికీ నమస్కారం. రాయగడ జిల్లాలో ఓ చిన్న బ్యాంకు బ్రాంచిలో హెడ్ క్యాషియర్‌గా చేస్తున్నాను. వచ్చే నెలలో పార్వతీపురంలో మా అక్క కూతురి పెళ్ళి. నేనే మేనమామని, పిల్లని గంపలో కూర్చోబెట్టి మండపానికి తీసుకురావాల్సింది నేనే. ముహూర్తం గురువారం రాత్రి. బుధ, గురు, శుక్ర మూడు రోజులు సీఎల్ అడిగాను. తర్వాత రెండో శనివారం, ఆదివారం ఎలాగూ సెలవే.

మేనేజరు గారు కాదనలేదు. కానీ "నీ సీటుకి మనిషిని నువ్వే చూసుకుని రా, అప్పుడు సంతకం పెడతాను" అన్నారు. బ్రాంచిలో ఉన్నది మేనేజరు, ఒక ఆఫీసరు, నేను, ఇంకా ప్రొబేషన్‌లో ఉన్న కొత్త క్లర్కు, ఒక సబ్‌స్టాఫ్. సేఫుకి రెండు తాళాలు. ఒకటి నా దగ్గర, ఒకటి ఆఫీసరు దగ్గర. ఆఫీసరు ఒడియా ఆయన, చాలా మంచివాడు. "మూడు రోజులే కదా, నీ తాళం కూడా నాకిచ్చి వెళ్ళు, నేను చూసుకుంటాను" అంటున్నాడు. మేనేజరుకి కూడా అది బాగానే ఉంది. ఇలా ఇచ్చి వెళ్ళొచ్చా? అసలు మనిషిని వెతకడం నా పనేనా?

తేల్చి చెప్పేస్తా

నీ పని కానే కాదు తమ్ముడూ. సెలవు నీ హక్కు. ఏడాదికి 12 సీఎల్ ఇస్తున్నారంటే వాడుకోమనే కదా. మనిషిని పెట్టుకోవడం మేనేజరు పని. దానికే ఆయనకి ఆ కుర్చీ. మెయిల్‌లో లీవు పెట్టు, కాపీ యూనియన్‌కి పంపు, బుధవారం పొద్దున్నే బస్సెక్కు. తాళం ఆఫీసరు తీసుకుంటానంటున్నాడుగా, ఆయన చేత ఒక కాగితం మీద రాయించుకో, "తాళం అందింది" అని. సంతకం ఉంటే నీ మీద ఎవడూ వేలెత్తి చూపలేడు. మేనమామ లేకుండా పెళ్ళి ఏమిటి?

పాత క్యాషియర్, జయపురం

పైన రాసిన తమ్ముడు సగం సరిగ్గా చెప్పాడు, ఆ మిగతా సగమే ప్రమాదం. నేను కోరాపుట్, రాయగడ వైపు బ్రాంచిల్లో ఉద్యోగం అంతా క్యాష్‌లోనే చేసి రిటైరయ్యాను. అందుకని కాస్త పొడుగ్గా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

ముందు హక్కు సంగతి. సెలవు మన ఖాతాలో ఉండటం వేరు, ఫలానా రోజునే కావాలని పట్టుబట్టడం వేరు. బ్యాంకు రూల్సు అయినా, సర్కారు రూల్సు అయినా సెలవుని హక్కుగా అడగకూడదనే రాసి ఉంటుంది. పని అవసరాన్ని బట్టి ఇస్తారు. కాబట్టి మెయిల్ పెట్టి బస్సెక్కితే అది సెలవు కాదు, అనుమతి లేని గైర్హాజరు. తాళం నీ జేబులో ఉండగా గైర్హాజరు అయితే ఆ రోజు బ్రాంచిలో సేఫు తెరుచుకోదు. పెళ్ళి మండపం నుంచి నిన్ను పిలిపిస్తారు.

ఇప్పుడు అసలు విషయం. రెండు తాళాలూ ఆఫీసరు దగ్గరికి చేరడం కుదరదు. సేఫుకి రెండు తాళాలు పెట్టింది ఇద్దరు మనుషులు ఎదురెదురుగా ఉంటేనే తెరుచుకోవాలని. రెండూ ఒకరి చేతికి వస్తే తలుపుకి రెండు తాళాలున్నా కాపలా ఒక్కటే. ఆ ఆఫీసరు దేవుడంత మంచివాడే కావచ్చు. కానీ ఆ మూడు రోజుల్లో ఒక ప్యాకెట్ తక్కువ పడితే తాను తియ్యలేదని ఆయన నిరూపించుకోలేడు, అప్పటికే తక్కువ లేదని నువ్వూ నిరూపించుకోలేవు. దొంగతనమే జరిగిందనుకో, క్యాష్ జాయింట్ కస్టడీలో ఉందా లేదా అని ఇన్సూరెన్సు వాళ్ళు అడుగుతారు. నువ్వు రాయించుకున్న కాగితం అప్పుడు నిన్ను కాపాడదు. రూలు తప్పి తాళం ఒకరికే ఇచ్చావని నీ చేత్తో నువ్వే రాసిచ్చిన సాక్ష్యం అవుతుంది.

కాబట్టి నీ తాళం మూడో మనిషికి వెళ్ళాలి. ఆ మూడో మనిషి ఎవరనేది మేనేజరు ఆఫీసు ఆర్డరుగా రాయాలి. నోటిమాట చాలదు. నువ్వు ఎవరినైనా ఒప్పించి తీసుకెళ్ళొచ్చు, అది మర్యాద. అధికారం మాత్రం ఆయనదే.

ఇంకో మాట. 2021 జూలైలో రిజర్వు బ్యాంకు ఒక సర్క్యులర్ ఇచ్చింది. సున్నితమైన చోట్ల పనిచేసే వాళ్ళని ఏడాదిలో ఒకసారి, కనీసం 10 పనిదినాలు ఒకే విడతగా, ముందు చెప్పకుండా సెలవు మీద పంపాలి అని. ఏ సీట్లు ఆ జాబితాలోకి వస్తాయో ప్రతి బ్యాంకు తన పాలసీలో రాసుకుంటుంది, నీ సీటు అందులో ఉండొచ్చు, లేకపోవచ్చు. కానీ ఆ ఆలోచన చూడు. ముందు చెప్పకుండా పంపేటప్పుడు ఆ ఉద్యోగి బదులు మనిషిని ఎలా వెతుక్కుంటాడు? మనిషి లేకపోయినా సీటు నడిచే ఏర్పాటు బ్యాంకే చేసుకోవాలని కదా దాని అర్థం.

పర్లాకిమిడి టీచరమ్మ

నాదీ ఇదే బాధ బాబూ. గజపతి జిల్లాలో మా బడిలో ఇద్దరమే టీచర్లం. ఒకరు సెలవు పెడితే ఇంకొకరు ఐదు తరగతులూ చూడాలి. మా ఆడపడుచు గృహప్రవేశానికి సెలవు అడగాలంటే ముందు మా ఒడియా మేడం ఇంటికి అరిసెలు పట్టుకెళ్ళాను. నాకు తెలుగు పిల్లలు, ఆవిడకి ఒడియా పిల్లలు. ఏ పిల్లకి ఎక్కడిదాకా పాఠం అయింది, ఎవరికి కూడికలు రావు, అన్నీ ఒక నోటుబుక్కులో రాసిచ్చి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి నా పిల్లలు ఒడియా పాట ఒకటి నేర్చుకుని కూర్చున్నారు.

నేననేది ఏమిటంటే, ముందు తోటివాళ్ళతో మంచిగా ఉండాలి. మీ ఆఫీసరు గారు తనంతట తాను సాయం చేస్తానంటుంటే ఈ రూల్సు మాట్లాడి ఆయన మనసు కష్టపెట్టొద్దు. మనమీద నమ్మకం లేదా అని అనుకుంటారు. సరిహద్దు ఊళ్ళల్లో మనవాళ్ళు, వాళ్ళు అనే మాట రాకూడదు.

పాత క్యాషియర్, జయపురం

అమ్మా, మీరన్న మర్యాద నిజమే, అది లేకపోతే ఏ ఆఫీసూ నడవదు. కానీ పాఠం ఎక్కడిదాకా అయిందో రాసివ్వడానికీ, లక్షల క్యాష్ అప్పగించడానికీ తేడా ఉంది. అక్కడ పొరపాటు జరిగితే మళ్ళీ చెప్పుకోవచ్చు. ఇక్కడ జీతంలోంచి కట్టాలి. రెండో తాళం ఇవ్వకపోవడం ఆ ఆఫీసరు మీద అపనమ్మకం కాదు, ఆయన మీద అనుమానం రాకుండా చెయ్యడం. ఆ మాట ఆయనతో నెమ్మదిగా చెబితే ఆయనే ఒప్పుకుంటాడు, బ్యాంకులో పని చేసినవాడు కాబట్టి.

ఊరికో బ్రాంచి

నేను మేనేజరుని. నబరంగపూర్ వైపు ఓ బ్రాంచిలో ఉన్నాను. మా పక్షం కూడా వినండి.

ఐదుగురున్న బ్రాంచిలో ఒకరు తగ్గితే ఏమవుతుందో బయటివాళ్ళకి తెలియదు. సంత రోజు పది గంటలకల్లా కౌంటరు ముందు జనం. పత్తి డబ్బులు పడిన రోజుల్లో అయితే చెప్పనే అక్కర్లేదు. "మనిషిని చూసుకుని రా" అని నేనూ అంటాను. అది నా పని వాళ్ళ మీదకి తొయ్యడం కాదు. నేను ఆర్డరు వేస్తే వచ్చేవాడు ఏడుస్తూ వస్తాడు, వీళ్ళు అడిగితే ఇష్టంగా వస్తాడు. జూన్‌లో రజ పండగ వస్తుంది. అందులో నడిమి రోజు రజ సంక్రాంతికి బ్యాంకు సెలవే, కానీ దానికి ముందు పహిలి రజ, తర్వాత బాసి రజ రోజుల్లో ఒడియా స్టాఫ్ అందరికీ ఇంటికి వెళ్ళాలని ఉంటుంది. మన తెలుగువాళ్ళకి భోగి, కనుమ కావాలి. ఈ ఇచ్చిపుచ్చుకోవడాలు స్టాఫ్ తమలో తాము మాట్లాడుకుంటేనే సాఫీగా జరుగుతాయి. నేను జోక్యం చేసుకుంటే లెక్కలు మొదలవుతాయి.

అయితే తాళం సంగతిలో పెద్దాయన చెప్పిందే రైటు. రెండు తాళాలూ ఒకరికి ఇమ్మనడం ఆ మేనేజరు గారు చెయ్యకూడని పని. ఇన్‌స్పెక్షన్‌లో కీ రిజిస్టర్ తెరవగానే మొదట కనిపించేది అదే. నేనైతే రెండు దార్లు చూస్తాను. ఒకటి, హెడ్ క్యాషియర్ తాళం నేనే తీసుకోవడం. మా బ్యాంకులో దానికి వీలుంది, కానీ ఆ మూడు రోజులూ నేను పొద్దున సేఫు తెరిచే వేళకీ, సాయంత్రం మూసే వేళకీ బ్రాంచిలోనే ఉండాలి. రికవరీకి ఊళ్ళు తిరగడం బంద్. రెండోది, పక్క బ్రాంచి నుంచి డిప్యుటేషన్ మీద ఒక క్లర్కుని అడగడం. రీజినల్ ఆఫీసు వాళ్ళు ముందు రోజు అడిగితే ఇవ్వరు. మూడు వారాల ముందు అడిగితే ఆలోచిస్తారు. ప్రొబేషన్ కుర్రాడికి తాళం ఇవ్వొచ్చా లేదా అనేది ఏ బ్యాంకు రూలు ఆ బ్యాంకుది. మా దగ్గర ఇవ్వం.

తేల్చి చెప్పేస్తా

మేనేజరు గారూ, మీరు చెప్పిందాంట్లోనే జవాబుంది. తాళం మీరు తీసుకోవచ్చు, రీజినల్ ఆఫీసుకి మీరే రాయాలి. రెండూ మీ చేతిలో ఉన్న పనులే. మరి క్యాషియర్ వెతికేది ఎవరిని? పక్క బ్రాంచి క్లర్కుకి ఇతను ఫోన్ చేసి బతిమాలితే అతని మేనేజరు వదులుతాడా? "ఇష్టంగా వస్తాడు" అన్నది బాగానే ఉంది, కానీ ఎవరితోనూ పెద్ద స్నేహం లేని మనిషి, కొత్తగా బదిలీ మీద వచ్చిన మనిషి, ఒడియా సరిగ్గా రాని మనిషి ఏం చెయ్యాలి? వాళ్ళ ఇళ్ళల్లో పెళ్ళిళ్ళు జరగవా?

తాళం మీద నేను రాసింది వెనక్కి తీసుకుంటున్నాను. పెద్దాయన చెప్పాక అర్థమైంది. ఇంకో మాట, తాళం మేనేజరు తీసుకున్నా కౌంటరులో డబ్బు ఇచ్చే పని ఆ కొత్త కుర్రాడే చెయ్యాలిగా? అతనికి క్యాషియర్ ఐడీ లేకపోతే నీ పాస్‌వర్డ్ చెప్పి వెళ్తే సరిపోతుంది. మా చుట్టం ఒకాయన అలాగే చేస్తాడు.

పాత క్యాషియర్, జయపురం

వద్దు. పాస్‌వర్డ్ ఎవరికీ చెప్పొద్దు. చాలా బ్యాంకుల్లో ఇప్పుడు వేలిముద్ర కూడా పెట్టారు కాబట్టి కుదరదు కూడా. ఒకవేళ కుదిరినా, ఆడిటరు సిస్టమ్ నుంచి లాగిన్ రిపోర్టు తీస్తాడు, పక్కన లీవు రిజిస్టరు పెట్టుకుంటాడు. సెలవులో ఉన్న మనిషి ఐడీతో గురువారం 11 గంటలకి విత్‌డ్రాయల్ పడిందంటే ఇంక అడగాల్సింది ఏమీ లేదు. ఆ రోజు కౌంటరులో తగ్గిన ప్రతి రూపాయీ నీ పేరు మీదే ఉంటుంది. కొత్త కుర్రాడి సొంత ఐడీకి ఆ మూడు రోజులు క్యాష్ పని ఇమ్మని మేనేజరు రిక్వెస్ట్ పెట్టాలి. చిన్న పనే, కానీ ముందురోజు సాయంత్రం గుర్తొస్తే అవ్వదు.

గుణుపురం రోడ్డు

అందరికీ థాంక్స్. రెండు తాళాల సంగతి మా ఆఫీసరుతో మాట్లాడాను. ఆయన వెంటనే "అవును, నేనూ ఆలోచించలేదు, నాకే మంచిది" అన్నాడు. మేనేజరు గారితో రేపు మాట్లాడతాను. పెద్దాయనా, ఒకవేళ మేనేజరు గారే తాళం తీసుకుంటే అప్పగింత ఎలా చెయ్యాలో కాస్త వివరంగా చెప్తారా? ఇంతకుముందు సెలవు పెట్టినప్పుడు "నిన్నటి బ్యాలెన్సే" అని సంతకాలు పెట్టేసుకునేవాళ్ళం. పనయ్యేసరికి రాత్రి అవుతుందేమో అని టెన్షన్. మంగళవారం సాయంత్రమే బస్సు పట్టుకోవాలనుకున్నాను.

పాత క్యాషియర్, జయపురం

మంగళవారం సాయంత్రం బస్సు మర్చిపో బాబూ. బుధవారం పొద్దున్న ఎక్కు. కురుపాం మీదుగా వెళ్తే మధ్యాహ్నం భోజనానికి ఉంటావు.

మంగళవారం కౌంటరు మూశాక క్యాష్ బ్యాలెన్సు సిస్టమ్‌తో కలుస్తుంది కదా, అప్పుడే మొదలుపెట్టు. ఉదాహరణకి ఆ రోజు సేఫులో 17,46,310 రూపాయలు ఉన్నాయనుకో. అందులో 500 నోట్లవి మూడు బండిళ్ళు, అంటే 15 లక్షలు. 200 నోట్లవి ఆరు ప్యాకెట్లు, లక్షా 20 వేలు. 100 నోట్లది ఒక బండిల్, లక్ష. మిగతా 26,310 విడి నోట్లు, చిల్లర. తీసుకునే మనిషి మొత్తం అంకె చూసి సంతకం పెట్టకూడదు. నోటు విలువ వారీగా వేరుగా పెట్టి, ప్యాకెట్ విప్పి, మెషీన్‌లో 100 నోట్లూ పడ్డాయో లేదో చూడాలి. మూడు బండిళ్ళంటే 30 ప్యాకెట్లు. భయపడేంత పని కాదు, ఆఫీసరు పక్కన ఉంటే తొందరగానే అయిపోతుంది.

ఇంత ఎందుకంటే, ఒక ప్యాకెట్‌లో 99 నోట్లుండటం అరుదేమీ కాదు. ప్యాకెట్ మీద స్లిప్పు ఉంటుంది, దాని మీద లెక్కపెట్టినవాడి సంతకం, తేదీ. విప్పకుండా ఒప్పుకుంటే, శుక్రవారం ఎవరో కస్టమర్ కౌంటరు దగ్గరే "ఒక నోటు తక్కువ" అంటే అది స్లిప్పు మీద సంతకం ఉన్న నీ ఖాతాలోకి వస్తుంది. నువ్వేమో అప్పుడు అప్పగింతల దగ్గర ఏడుస్తున్న మీ అక్కని ఓదారుస్తుంటావు. విప్పి లెక్కపెట్టి ఒప్పుకుంటే ఆ తర్వాత తగ్గింది తీసుకున్నవాళ్ళది. ఇద్దరికీ అదే క్షేమం.

క్యాష్‌తో అయిపోదు. గోల్డ్ లోను ప్యాకెట్లు కూడా ఆ సేఫులోనే ఉంటాయి కదా. లోను ఖాతాల లిస్టు తీసి, ప్యాకెట్ మీది నంబరుకి టిక్కు పెట్టుకుంటూ రావాలి. ఏ ప్యాకెట్ సీలు అయినా చిరిగినట్టు, మళ్ళీ అతికించినట్టు అనిపిస్తే అక్కడ ఆగి మేనేజరు ఎదురుగా తూకం వెయ్యండి. ఖాళీ చెక్కుబుక్కులు, డీడీ కాగితాలు, ఎఫ్‌డీ రసీదులు నీ కస్టడీలో ఉంటే అవి మొదటి నంబరు నుంచి చివరి నంబరు దాకా రాసివ్వాలి. చివరికి కీ రిజిస్టర్‌లో తాళం నంబరు, తేదీ, టైము రాసి, ఇచ్చినట్టు నువ్వు, తీసుకున్నట్టు ఆయన సంతకం పెట్టాలి. టైము రాయడం చాలామంది వదిలేస్తారు, వదలకు.

దరఖాస్తు విషయం కూడా చెప్తాను. "మేనకోడలి పెళ్ళి, దయచేసి సెలవు ఇవ్వగలరు" అని ఒక్క ముక్క రాస్తే మేనేజరుకి దాన్ని రీజినల్ ఆఫీసుకి పంపడానికి ఆధారం ఉండదు. ఇలా రాయి: ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా మూడు రోజులు సీఎల్, ఆ తర్వాతి రెండు సెలవులు కలుపుకుని ఊరు వదిలి వెళ్ళడానికి అనుమతి, నా దగ్గర సేఫు తాళం ఉంది కాబట్టి బదులు కస్టోడియన్‌ని నియమిస్తూ ఆర్డరు కోరుతున్నాను, మంగళవారం సాయంత్రం పూర్తి లెక్కతో అప్పగిస్తాను, సోమవారం పొద్దున మళ్ళీ తీసుకుంటాను, ఫోన్ నంబరు ఇది. ఊరు వదిలే అనుమతి అడగడం మర్చిపోకు. తాళం ఉన్న మనిషి రాష్ట్రం దాటుతున్నాడు.

ఊరికో బ్రాంచి

దరఖాస్తు ఇలా వస్తే నేను ఒక్క క్షణం ఆలోచించను. ఇంకొకటి, దాన్ని మూడు వారాల ముందు ఇవ్వండి. సీఎల్ కదా, ముందురోజు ఇచ్చినా చాలు అనుకుంటారు. కస్టడీ సీట్లో ఉన్నవాడు అలా అనుకోకూడదు.

తేల్చి చెప్పేస్తా

ముందే ఇవ్వాలన్నది ఒప్పుకుంటాను. కానీ మొదటి ప్రశ్నకి మీరు ఇంకా జవాబు చెప్పలేదు. ముందే ఇచ్చిన దరఖాస్తు మీద మీరు "మనిషిని చూసుకుని రా" అని రాసి తిప్పి పంపితే?

ఊరికో బ్రాంచి

రాతలో అయితే అలా రాయను. నోటితో అంటాను. ఆ తేడా మీకు నచ్చకపోవచ్చు, కానీ ఐదుగురితో బ్రాంచి నడిపేవాడికి ఇంకో దారి నాకు కనిపించలేదు.

తేల్చి చెప్పేస్తా

నోటితో అన్నదే మనుషుల్ని ఇబ్బంది పెడుతుంది సార్. రాసిస్తే కనీసం పైకి చూపించుకోవచ్చు. ఈ ఒక్కదాంట్లో నేను మీతో ఏకీభవించను.

గుణుపురం రోడ్డు

ఇవాళ దరఖాస్తు ఇచ్చాను, పెద్దాయన చెప్పినట్టే రాశాను. మేనేజరు గారు రెండుసార్లు చదివారు. ముందు రీజినల్ ఆఫీసుకి డిప్యుటేషన్ కోసం రాస్తానన్నారు. అక్కడి నుంచి వచ్చే వారం లోపు మనిషి రాకపోతే తాళం తనే తీసుకుంటానన్నారు. కొత్త కుర్రాడికి క్యాష్ ఐడీ కోసం రిక్వెస్ట్ ఇవాళే పెట్టారు. సంతకం మాత్రం ఇంకా పెట్టలేదు, ఆర్డరుతో కలిపి పెడతానన్నారు. మా అక్కకి ఫోన్ చేసి వస్తున్నానని చెప్పొచ్చా, ఆగాలా?

పాత క్యాషియర్, జయపురం

అక్కకి చెప్పెయ్యి. ఆయన ఐడీకి రిక్వెస్ట్ పెట్టాడంటే పంపడానికి సిద్ధపడ్డాడు. ఆర్డరు కాపీ మాత్రం ఒకటి నీ దగ్గర ఉంచుకో. సోమవారం అరగంట ముందే వెళ్ళు, పెళ్ళి అలసటలో ఉన్నా సరే మంగళవారం వాళ్ళు ఎలా లెక్కపెట్టి తీసుకున్నారో నువ్వూ అలాగే లెక్కపెట్టి తీసుకో. నీ ప్యాకెట్లలో కొన్ని అయిపోయి ఉంటాయి, కొత్త స్లిప్పులు వచ్చి ఉంటాయి. వాటి మీద ఎవరి సంతకం ఉందో చూసుకున్నాకే రిజిస్టర్‌లో పెన్ను పెట్టు.